వస్తే, వస్తేనే: ఒక జ్వరం రిపోర్టులో దాగిన తర్కం

గత సెప్టెంబరులో మా అక్క కొడుక్కి జ్వరం వచ్చింది. పద్నాలుగేళ్ళవాడు. నాలుగో రోజుకీ తగ్గకపోయేసరికి బావ వాణ్ణి విజయవాడ సూర్యారావుపేటలో ఒక ల్యాబ్‌కి తీసుకెళ్ళి, టైఫాయిడ్ కోసం చేసే వైడాల్ అనే రక్తపరీక్ష చేయించాడు. సాయంత్రం నేను వెళ్ళేసరికి అందరూ హాల్లో కూర్చుని ఉన్నారు. టీపాయ్ మీద రిపోర్టు ఉంది.

"వైడాల్ పాజిటివ్ వచ్చిందిరా. టైఫాయిడే" అన్నాడు బావ. కాగితం తీసి చూశాను. ఓ 1:80, హెచ్ 1:320. పక్కన పెద్దక్షరాల్లో పాజిటివ్ అని ఉంది. వీధి చివర డాక్టరుగారు అప్పటికే పూటకో ఇంజెక్షన్ చొప్పున వారం రోజులకి రాసిచ్చేశారు. మొదటిది ఆ రాత్రికే.

నేను డాక్టర్ని కాదు. ఇంటర్ పిల్లలకి లెక్కలు చెబుతాను. కానీ బావ అన్న మాటలో ఒక మెట్టు విరిగి ఉందని నాకు అప్పుడే అనిపించింది. ఆయన ఆలోచనని మూడు వాక్యాలుగా విడదీస్తే ఇలా ఉంటుంది. టైఫాయిడ్ అయితే వైడాల్ పాజిటివ్ వస్తుంది. వీడికి వైడాల్ పాజిటివ్ వచ్చింది. కాబట్టి వీడికి టైఫాయిడ్. వినడానికి ఎక్కడా తేడా లేదు. మొదటి వాక్యం కాస్త అటూఇటూగా నిజమే, రెండోది కాగితం మీదే ఉంది. అయినా మూడోది వాటిలోంచి రాదు.

ఎందుకు రాదో చెప్పాలంటే ముందు మన భాషలోనే ఉన్న ఒక చిన్న అక్షరం దగ్గర ఆగాలి. ఇన్వర్టర్ లేని ఇల్లు ఒకటి అనుకోండి. "కరెంటు పోతే ఫ్యాన్ ఆగిపోతుంది" అంటాం. కరెంటు పోవడం ఒక్కటి చాలు, ఇంకేమీ అక్కర్లేదు, ఫ్యాన్ ఆగుతుంది. లెక్కల పుస్తకాల్లో దీన్ని పర్యాప్త నియమం అంటారు. మామూలు మాటల్లో "ఉంటే చాలు" అనే రకం. ఇప్పుడు "కరెంటు ఉంటేనే ఫ్యాన్ తిరుగుతుంది" అనండి. ఇక్కడ కరెంటు ఉండి తీరాలి, లేకపోతే కుదరదు. కానీ ఉన్నంత మాత్రాన తిరుగుతుందని కాదు. స్విచ్ వేయాలి, కెపాసిటర్ బాగుండాలి. ఇది ఆవశ్యక నియమం. "అయితే" అన్నప్పుడు చాలు అనే అర్థం, "అయితేనే" అన్నప్పుడు తీరాలి అనే అర్థం. తేడా అంతా ఆ చివరి "నే"లో ఉంది. "చదివితే పాసవుతావు" అని నాన్న మాటిస్తే అది హామీ. "చదివితేనే పాసవుతావు" అంటే హెచ్చరిక. చదివి కూడా ఫెయిలైన పిల్లాడు మొదటి మాటని పట్టుకుని నాన్నని అడగొచ్చు, రెండో మాటని పట్టుకుని అడగలేడు.

ఇంకో సంగతి ఉంది, నా క్లాసులో ఎక్కువమంది తడబడేది దాని దగ్గరే. ఈ రెండు నియమాలూ వేర్వేరు వస్తువులు కావు. ఒకే వాక్యాన్ని రెండు వైపుల నుంచి చూడడమే. "బెంజ్ సర్కిల్లో ఉన్నాడంటే విజయవాడలో ఉన్నట్టే" అనే మాట తీసుకోండి. బెంజ్ సర్కిల్లో ఉండడం, విజయవాడలో ఉన్నాడని చెప్పడానికి చాలు. అదే వాక్యాన్ని అటు నుంచి చదివితే, బెంజ్ సర్కిల్లో ఉండాలంటే విజయవాడలో ఉండి తీరాలి. "అయితే"కి ముందున్నది చాలినది, తరవాత ఉన్నది తీరాల్సినది. తర్కంలో ముందున్నదాన్ని పూర్వాంగం అనీ, తరవాతదాన్ని ఉత్తరాంగం అనీ అంటారు.

ఈ వాక్యంతో సరిగ్గా చేయగలిగిన పనులు రెండే. బెంజ్ సర్కిల్లో ఉన్నాడని తెలిస్తే విజయవాడలో ఉన్నాడనొచ్చు. విజయవాడలోనే లేడని తెలిస్తే బెంజ్ సర్కిల్లో లేడనొచ్చు. మిగతా రెండూ తప్పుదారులు. "విజయవాడలో ఉన్నాడు, కాబట్టి బెంజ్ సర్కిల్లో ఉన్నాడు" అనేది మొదటి తప్పుదారి. ఉత్తరాంగం నిజమైంది కదా అని పూర్వాంగాన్ని రాబట్టుకోవడం. ఇంగ్లీషులో దీని పేరు అఫర్మింగ్ ది కాన్సీక్వెంట్. తీరాల్సినదాన్ని చాలినదిగా పొరబడితే సరిగ్గా ఈ గుంటలోనే పడతాం. "బెంజ్ సర్కిల్లో లేడు, కాబట్టి విజయవాడలోనే లేడు" అనేది రెండోది. దాని సంగతి తరవాత వస్తుంది.

బెంజ్ సర్కిల్ విషయంలో ఈ తప్పు ఎవరూ చేయరు. ఫోన్‌లో తమ్ముడు "బెజవాడలోనే ఉన్నా" అంటే "అయితే బెంజ్ సర్కిల్లోనేనన్నమాట" అని ఎవరమూ అనం. మరి వైడాల్ దగ్గర ఎందుకు చేస్తాం? బావకి తర్కం తెలియక కాదు. ఊరి సంగతి వచ్చేసరికి పటమట, వన్ టౌన్, సత్యనారాయణపురం, భవానీపురం అన్నీ కళ్ళ ముందు కనిపిస్తుంటాయి. వాడు వాటిలో ఎక్కడైనా ఉండొచ్చని ఎవరూ చెప్పకుండానే తెలుసు. వైడాల్ అనే ఊరిలో మాత్రం మనకి తెలిసిన పేట ఒక్కటే, టైఫాయిడ్. మిగతా పేటల పేర్లు తెలియవు కాబట్టి ఊరికీ పేటకీ తేడా చెరిగిపోతుంది. వాక్యం ఆకారం రెండుచోట్లా ఒకటే, మారింది మనకి తెలిసిన పేటల సంఖ్య. నా మటుకు నేను ఈ దోషానికి మూలం ఇదేనని అనుకుంటాను. అందుకే "ఇది తర్కదోషం" అని ఎవరినైనా సరిదిద్దబోతే ఉపయోగం ఉండదు. మిగతా పేటల పేర్లు చెప్పాలి.

కాబట్టి చెబుతాను. వైడాల్ 1896లో ఫ్రాన్సులో ఫెర్నాండ్ వైడాల్ అనే వైద్యుడి పేరు మీద వచ్చిన పరీక్ష. అది టైఫాయిడ్ క్రిమిని వెతకదు. ఆ క్రిమి ఒంట్లోకి వచ్చినప్పుడు దాని మీదికి మన శరీరం తయారుచేసే యాంటీబాడీలని వెతుకుతుంది. రక్తంలోంచి సీరం తీసి, దాన్ని సెలైన్ నీళ్ళతో రెట్టింపు రెట్టింపుగా పలచన చేసుకుంటూ పోతారు. 1:20, 1:40, 1:80, 1:160, 1:320. ప్రతిదాంట్లోనూ చంపిన క్రిములు కలిపిన ద్రవం వేస్తారు. యాంటీబాడీలు ఉంటే ఆ క్రిములు ఒకదానికొకటి అతుక్కుని పిండి ముద్దకట్టినట్టు రవ్వరవ్వగా కనిపిస్తాయి. అలా ముద్దకట్టడం ఏ పలచన దాకా కనిపించిందో ఆ అంకెని రిపోర్టులో రాస్తారు. ఓ అంటే క్రిమి ఒంటి మీదివాటికి, హెచ్ అంటే దాని తోకల్లాంటి కదిలే పోగులకి ఎదురుగా వచ్చినవి.

ఇంతవరకు తెలిస్తే మిగతా పేటలు వాటంతటవే కనిపిస్తాయి. రెండేళ్ళ క్రితం టైఫాయిడ్ వచ్చి తగ్గినవాళ్ళలో, ముఖ్యంగా హెచ్ యాంటీబాడీలు, చాలాకాలం మిగిలి ఉంటాయి. కొన్ని రకాల టైఫాయిడ్ టీకాలు వేయించుకున్నవాళ్ళకీ రావచ్చు. టైఫాయిడ్ క్రిమికి దగ్గరి చుట్టాలైన ఇతర సాల్మొనెల్లా క్రిములు వచ్చినా ముద్దకట్టొచ్చు. మలేరియా, డెంగ్యూ లాంటి వేరే జ్వరం వచ్చినప్పుడు కూడా ఒళ్ళు పాత యాంటీబాడీలని కాస్త ఎక్కువగా బయటికి పంపి పరీక్షని పాజిటివ్ చేయొచ్చు. పైగా, టైఫాయిడ్ ఎప్పుడూ తిరుగుతుండే మన ఊళ్ళలో, జ్వరమే లేని ఆరోగ్యవంతుల్లోనూ కొంతమందికి 1:80 దాకా ముద్దకడుతుంది.

నేను అక్కని అడిగిన మొదటి ప్రశ్న అదే. "వీడికి ఇంతకుముందు టైఫాయిడ్ వచ్చింది కదా?" వచ్చింది, ఆరో తరగతిలో. అప్పుడు పది రోజులు బడి మానేశాడు. ఓ తక్కువగా ఉండి హెచ్ ఎక్కువగా ఉండడానికి అదొక్కటే సరిపోతుంది. సరిపోతుంది అంటే అదే కారణమని నేను తేల్చేశానని కాదు. అలా తేలిస్తే నేనూ బావ చేసిన తప్పే చేసినట్టు. టైఫాయిడ్ కాకుండా కూడా ఆ కాగితం అలాగే ఉండగలదు అని చెప్పడానికి మాత్రం అది సరిపోతుంది.

ఆ రాత్రి ఇంజెక్షన్ వేయించకుండా పిల్లల డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాం. ఆవిడ రిపోర్టు చూసి పక్కన పెట్టారు. "ఎన్నో రోజు? ఒళ్ళునొప్పులా? కళ్ళ వెనక నొప్పా? నీళ్ళెక్కడివి తాగుతున్నాడు?" అని వరసగా అడిగారు. తరవాత యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే బ్లడ్ కల్చర్‌కి రక్తం తీయించారు, దాంతోపాటు డెంగ్యూకి ఎన్ఎస్1, ప్లేట్‌లెట్లు.

కల్చర్ గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే అది వైడాల్‌కి సరిగ్గా అటువైపున నిలబడే పరీక్ష. రక్తాన్ని పోషక ద్రవం ఉన్న సీసాలో పోసి, క్రిమి పెరుగుతుందేమో చూస్తారు. టైఫాయిడ్ క్రిమి అందులో పెరిగిందంటే, జ్వరంతో ఉన్న మనిషి రక్తంలో ఆ క్రిమి ఇప్పుడు, ఈ వారం, బతికే ఉందన్నమాట. అది చాలు. ఇక వాదన అక్కర్లేదు. కానీ టైఫాయిడ్ ఉన్నవాళ్ళందరికీ కల్చర్లో క్రిమి పెరగదు. రక్తంలో క్రిములు పలచగా ఉంటాయి, తీసిన రక్తం తక్కువైనా, ముందే యాంటీబయాటిక్ పడినా దొరకవు. మొత్తం మీద నిజంగా టైఫాయిడ్ ఉన్నవాళ్ళలో దాదాపు సగం మందికే కల్చర్ పట్టిస్తుంది. అంటే కల్చర్లో పెరగడం చాలినదే గానీ తీరాల్సినది కాదు. "కల్చర్లో ఏమీ రాలేదు, కాబట్టి టైఫాయిడ్ కాదు" అనేవాళ్ళు ఇందాక వాయిదా వేసిన రెండో తప్పుదారిలో ఉన్నారు. బెంజ్ సర్కిల్లో లేడు కాబట్టి ఊళ్ళోనే లేడు అనే బాపతు.

మరి టైఫాయిడ్‌కి తీరాల్సినది ఏది? ఆ క్రిమి ఒంట్లో ఉండడం. అది లేకుండా ఆ జబ్బు రాదు, దాని నిర్వచనమే అది. అయినా అది చాలదు. దీనికి ప్రపంచమంతా చెప్పుకునే సాక్ష్యం న్యూయార్క్‌లో వంటమనిషిగా పనిచేసిన మేరీ మాలన్. ఆవిడ వండిన ఇళ్ళల్లో వరసగా టైఫాయిడ్ రావడంతో 1907లో ఆవిడని పట్టుకుని పరీక్షిస్తే క్రిములు ఉన్నాయి. ఆవిడకి మాత్రం జబ్బు లక్షణాలు లేవు. 1938లో చనిపోయేదాకా, రెండు విడతల్లో కలిపి, మొత్తం పాతికేళ్ళకి పైగా ఆవిణ్ణి నిర్బంధంలో ఉంచారు. మేరీ ఒంట్లో క్రిమి ఉంది, జబ్బు లేదు.

వైడాల్ సంగతికి తిరిగొస్తే, అది చాలినది కాదని చూశాం. తీరాల్సినది కూడా కాదు. యాంటీబాడీలు తయారవడానికి రోజులు పడతాయి కాబట్టి మొదటి వారంలో నిజమైన టైఫాయిడ్‌లోనూ వైడాల్ నెగటివ్ రావచ్చు. బావ వాదనలో మొదటి వాక్యాన్ని "కాస్త అటూఇటూగా" నిజం అన్నది అందుకే. చాలదు, తీరాలనీ లేదు. అలాంటి కాగితం మీద ఒక పిల్లాడి వారం రోజుల వైద్యం నిలబెట్టడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయమైనది. డాక్టర్లు ఎప్పుడూ లక్షణం నుంచి జబ్బుకే కదా వెళ్ళేది, అంటే వెనక్కే కదా నడిచేది, మరి వైద్యమంతా తర్కదోషమేనా? కాదు. వెనక్కి నడవడం అనుమానానికి పనికొస్తుంది, తీర్పుకి పనికిరాదు. ఆ అనుమానం ఎంత బలమైనదో లెక్కవేయొచ్చు కూడా. అంకెలు నేను లెక్క కోసం ఊహించినవి, ఏ ఆసుపత్రివీ కావు. వెయ్యిమంది జ్వరంతో వచ్చారనుకుందాం. అందులో 100 మందికి నిజంగా టైఫాయిడ్. వాళ్ళలో 75 మందికి వైడాల్ పాజిటివ్ వచ్చింది. మిగతా 900 మందిలో ప్రతి అయిదుగురిలో ఒకరికి, అంటే 180 మందికి, పాత యాంటీబాడీల వల్లో మరొకందువల్లో పాజిటివ్ వచ్చింది. పాజిటివ్ కాగితం పట్టుకుని బయటికొచ్చినవాళ్ళు మొత్తం 255. వాళ్ళలో అసలు టైఫాయిడ్ వాళ్ళు 75. పదిమందిలో ముగ్గురు.

"టైఫాయిడ్ ఉంటే పాజిటివ్ రావడం" నూటికి 75. "పాజిటివ్ వస్తే టైఫాయిడ్ ఉండడం" నూటికి 30 కూడా లేదు. రెండు వాక్యాల్లోనూ మాటలు అవే, క్రమం మాత్రం వేరు. ఇప్పుడు అదే పరీక్షని, ఒక వీధిలో తాగునీటి పైపులో మురుగు కలిసి, వచ్చిన వెయ్యి జ్వరాల్లో 500 టైఫాయిడ్ అయిన వారంలో చేశారనుకోండి. 375 మంది అసలువాళ్ళు, 100 మంది కానివాళ్ళు. పాజిటివ్ వచ్చిన పదిమందిలో దాదాపు ఎనిమిది మందికి టైఫాయిడే. కాగితం మారలేదు, చుట్టూ ఉన్న ఊరి పరిస్థితి మారింది. పిల్లల డాక్టరుగారు నీళ్ళ గురించి అడిగింది ఊరికే కాదు.

ఈ విషయాన్ని మన పాత తర్కశాస్త్రం ఎంత ముచ్చటగా పట్టుకుందో చెప్పకుండా ఉండలేను. ఆంధ్రదేశం నుంచి కాశీకి వెళ్ళి స్థిరపడ్డ అన్నంభట్టు, 17వ శతాబ్దివాడు, తన తర్కసంగ్రహంలో పొగా నిప్పుల ఉదాహరణతోనే అంతా నడిపిస్తాడు. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది, వంటింట్లోలాగా. కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పుందని చెప్పొచ్చు. దాన్ని తిరగేసి, నిప్పుంది కాబట్టి పొగ ఉంది అంటే? కుదరదు. ఎర్రగా కాలిన ఇనపగుండుని చూడండి, నిప్పుంది, పొగ లేదు. ఆ ఒక్క ఇనపగుండు చాలు తిరగేసిన వాక్యాన్ని కొట్టిపారేయడానికి. ఆయన అక్కడితో ఆగడు. నిప్పు ఉన్నచోట పొగ రావాలంటే ఇంకేం తోడు కావాలి? తడి కట్టెలు. నిప్పుకి తడి కట్టె తోడైతేనే పొగ. తిరగేసిన వాక్యంలో కనపడకుండా జారిపోయిన ఆ తోడుని మన పాత తర్కశాస్త్రం ఉపాధి అంటుంది.

మా ఇంటి జ్వరంలో ఇనపగుండు ఎవరంటే, యాంటీబాడీలు ఉండి టైఫాయిడ్ లేని మనిషి. తడి కట్టె ఏదంటే, ఆ యాంటీబాడీలు ఇప్పుడు కొత్తగా పుడుతున్నవై ఉండడం. అది తెలుసుకునే దారి కూడా ఉంది. పది రోజుల తరవాత మళ్ళీ రక్తం తీసి పోల్చాలి. 1:80 ఉన్నది 1:320కి, అంటే నాలుగు రెట్లకి పెరిగితే అది ఇప్పటి పోరాటమేనని బలంగా చెప్పొచ్చు. 1:80, 1:80గానే ఉంటే పాత సామానే కావచ్చు. చిక్కేమిటంటే పది రోజులు ఆగి జ్వరానికి పేరు పెడితే రోగికి పెద్దగా ఉపయోగం ఉండదు. అందుకే ఆ రెండో పరీక్ష దాదాపుగా ఎవరూ చేయించరు. చేయించని పరీక్ష మొదటి కాగితానికి ఎలాగూ బలం ఇవ్వదు.

అన్నంభట్టు పేరు మీద ఒక సామెత కూడా ఉంది. కాశీకి వెళ్ళినంత మాత్రాన ప్రతి బ్రాహ్మడూ అన్నంభట్టు అయిపోడు అని. "కాశీగమనమాత్రేణ నాన్నంభట్టాయతే ద్విజః". పాఠం చెప్పేటప్పుడు నేను బోర్డు మీద మొదట రాసేది ఇదే. ఆ "మాత్రేణ" మన "నే"కి ఎదురు నిలబడే మాట.

మర్నాడు ఎన్ఎస్1 పాజిటివ్ వచ్చింది. ప్లేట్‌లెట్లు 92 వేలు. ఎన్ఎస్1 అనేది డెంగ్యూ వైరస్ సొంత ప్రొటీన్, ఒళ్ళు తయారుచేసే యాంటీబాడీ కాదు. వైరస్ ఇప్పుడు లేకపోతే అది రక్తంలో ఉండడం చాలా అరుదు, కాబట్టి దాన్ని వెనక్కి చదివినా దాదాపుగా నిలబడుతుంది. రెండు జ్వరాలూ ఒకేసారి ఉండే వీలు కొట్టిపారేయలేమని, కల్చర్ వచ్చేదాకా చూద్దామని డాక్టరుగారు చెప్పారు. యాంటీబయాటిక్ ఇవ్వలేదు. ద్రవాలు తాగించడం, రోజూ ప్లేట్‌లెట్లు చూడడం, కడుపునొప్పి, ఆగని వాంతులు, ఎక్కడైనా రక్తం కనిపించడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే తీసుకురమ్మనడం, అంతే. ఆరో రోజు రాత్రి జ్వరం దిగింది. అప్పుడే అసలు జాగ్రత్త మొదలన్నారు, డెంగ్యూలో ప్లేట్‌లెట్లు సాధారణంగా జ్వరం దిగే సమయంలోనే అడుగుకి వెళ్తాయి. 58 వేలకి దిగి, తొమ్మిదో రోజుకి లక్ష దాటాయి. కల్చర్ అయిదు రోజులు పెట్టినా ఏమీ పెరగలేదు.

నాకు ఎక్కువ భయం వేసే సంగతి వేరే ఉంది. ఆ మొదటి రాత్రి ఇంజెక్షన్ వేసి ఉంటే ఏమయ్యేది? ఆరో రోజు జ్వరం దిగేది, ఎందుకంటే ఎలాగూ దిగే జ్వరమది. "టైఫాయిడ్ మందు వేస్తే టైఫాయిడ్ తగ్గుతుంది, మందు వేశాం, తగ్గింది, కాబట్టి టైఫాయిడే" అని అందరం నమ్మేవాళ్ళం. అదే తప్పు రెండోసారి, ఈసారి రుజువు వేషంలో. అందరూ ఊపిరి పీల్చుకుని ప్లేట్‌లెట్లు చూడడం మానేసేవాళ్ళం, సరిగ్గా చూడాల్సిన రోజుల్లో. తప్పు బయటపడే దారి కూడా మూసుకుపోయేది, ఎందుకంటే వీధిలో డాక్టరుగారి లెక్కలో ఇది నయమైన ఇంకో టైఫాయిడ్ కేసు. ఇలాంటివి వంద చేరితే "వైడాల్ ఎప్పుడూ తప్పలేదండీ, నా అనుభవం" అనే మాట పుడుతుంది, ఆయన నిజాయితీగానే అంటారు. నిజానికి సరైన మందు పడినా టైఫాయిడ్ జ్వరం సాధారణంగా మూడు నుంచి అయిదు రోజులు తీసుకుని దిగుతుంది. ఒకటి రెండు డోసులకే పూర్తిగా దిగిపోయిందంటే, మందు పనిచేసిందని సంతోషించేముందు జ్వరం పేరునే అనుమానించాలి.

బావకి ఇదంతా ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని చెప్పాను. వినేశాక కాసేపు ఆగి, "అయితే వాడికి ఆరో తరగతిలో వచ్చింది కూడా టైఫాయిడేనా?" అన్నాడు. అప్పుడు కూడా వైడాల్ ఒక్కటే చేయించారట.